చీకటి గదిలో సినిమా చూసేటప్పుడు టీవీ లోకల్ డిమ్మింగ్ ఎంతలో పెట్టాలి

రాత్రి భోజనాలయ్యాక లైట్లన్నీ తీసేసి సినిమా పెడతారు. తెర అడుగున తెల్లటి సబ్‌టైటిల్ రాగానే దాని చుట్టూ బూడిదరంగు మసక కమ్ముకుంటుంది. సబ్‌టైటిల్ పోగానే మసకా పోతుంది. నల్లటి ఆకాశంలో చందమామ ఉన్నా, చీకటి రోడ్డు మీద కారు లైట్లు వచ్చినా ఇదే తంతు. దీన్నే బ్లూమింగ్ అంటారు. ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ, మినీ ఎల్‌ఈడీ, ఏ పేరుతో కొన్నా ఇది ఎంతో కొంత ఉంటుంది కాబట్టి టీవీ పాడైందని టెన్షన్ పడకండి. ఓఎల్‌ఈడీలో మాత్రం ప్రతి పిక్సెల్ తన వెలుగు తనే ఇచ్చుకుంటుంది, అందుకే ఈ గొడవ లేదు. విజయవాడలోనైనా గుంటూరులోనైనా షోరూమ్‌లో అన్ని లైట్ల మధ్య నిలబడి చూసి కొంటాం. ఆ వెలుతురులో బ్లూమింగ్ కంటికి ఆనదు. ఇంటికొచ్చి మొదటి రాత్రి లైటు తీశాకే బయటపడుతుంది.

ఇది ఎందుకొస్తుందో తెలిస్తే సెట్టింగ్ మార్చడం తేలిక. ఈ టీవీల్లో బొమ్మ వేసే పొర వేరు, దాని వెనక వెలిగే లైటు వేరు. నలుపు చూపించాల్సిన చోట ముందున్న పొర ఆ లైటుకు అడ్డం పడుతుంది. కానీ తలుపు మూసినా సందులోంచి వెలుతురు వచ్చినట్టు కొంచెం లైటు బయటికి వచ్చేస్తూనే ఉంటుంది. ఆ ముందున్న పొరనే ప్యానెల్ అంటారు, వీఏ, ఐపీఎస్ అనేవి అందులో రకాలు. మంచి వీఏ ప్యానెల్ అయితే దాని కాంట్రాస్ట్, అంటే తెలుపుకూ నలుపుకూ మధ్య వెలుగు నిష్పత్తి, 5000కి 1 దాకా ఉంటుంది. తెర వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. అంటే వెనక లైటు 100 నిట్స్ తెలుపు ఇచ్చేంత వెలిగితే, నలుపు నిజంగా నలుపు కాకుండా 0.02 నిట్స్ దగ్గర ఆగుతుంది. అది చీకట్లో కూడా పెద్దగా కనబడదు. అదే లైటు 1000 నిట్స్‌కు వెళ్తే నలుపు 0.2 నిట్స్‌కు లేస్తుంది. చీకటికి అలవాటుపడిన కంటికి అది స్పష్టంగా బూడిదరంగే. ఐపీఎస్ ప్యానెల్ అయితే కాంట్రాస్ట్ 1000కి 1 చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి పరిస్థితి ఇంకా కష్టం.

అందుకే వెనక లైటును జోన్లుగా విడగొట్టి, బొమ్మలో చీకటి ఉన్న చోట తగ్గిస్తారు, వెలుగున్న చోట పెంచుతారు. లోకల్ డిమ్మింగ్ చేసే పని ఇదే. చిక్కల్లా లెక్కలో ఉంది. 4కే తెరలో దాదాపు 83 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. జోన్లు 500 ఉన్నాయనుకున్నా ఒక్కో జోన్ మీద 16 వేలకు పైగా పిక్సెళ్లు పడతాయి. అందులో ఒక చిన్న నక్షత్రం కోసం లైటు వెలిగితే, మిగతా వేల నల్ల పిక్సెళ్ల వెనక కూడా అదే లైటు వెలుగుతుంది. జోన్లు ఎన్ని పెరిగినా మసక చిన్నదవుతుందే గానీ మాయం కాదు. కాబట్టి దాన్ని పూర్తిగా పోగొట్టాలని చూడకండి. సినిమా చూస్తుండగా కన్ను దాని మీదికి పోకుండా చేస్తే చాలు.

ముందు మీ టీవీలో జోన్లు ఉన్నాయో లేదో చూసుకోండి

డబ్బా మీద ఏదో ఒక డిమ్మింగ్ అని రాసి ఉంటే జోన్లున్నట్టు కాదు. ముఖ్యంగా Micro Dimming లాంటి పేర్లు బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో సరిదిద్దే పద్ధతికి కూడా పెడతారు. పరీక్ష చాలా సులభం. టీవీలోని యూట్యూబ్‌లో local dimming test అని వెతికితే నల్ల తెర మీద తెల్ల చుక్క మెల్లగా తిరిగే వీడియోలు దొరుకుతాయి. గది పూర్తిగా చీకటి చేసి ఒకటి పెట్టండి.

చుక్క కదులుతున్నా తెరంతా ఒకే బూడిదరంగులో ఉండిపోతే జోన్లు లేవు, ఈ వ్యాసంలో మీకు పనికొచ్చేది లైటు తగ్గించడం, వెనక దీపం పెట్టడం మాత్రమే. చుక్కతో పాటు పైనుంచి కిందిదాకా ఒక నిలువు పట్టీ వెలుగుతూ జరిగితే అది ఎడ్జ్ లిట్ టీవీ, లైట్లు అంచునే ఉన్నాయి. సినిమాలకు అలాంటి టీవీలో డిమ్మింగ్ Off లేదా Low తప్ప ఇంకేమీ పెట్టకండి. పట్టీ వెలిగి ఆరడం కంటే తెరంతా ఒకేలా కొంచెం బూడిదగా ఉండటమే నయం. చుక్క చుట్టూ చిన్న మచ్చలా మాత్రమే వెలిగితే జోన్లు తెర వెనకంతా పరిచి ఉన్నాయని అర్థం. ఇకమీదట చెప్పేదంతా ముఖ్యంగా ఈ టీవీల గురించే.

ఈ పరీక్షప్పుడే ఇంకో సంగతి తేల్చుకోండి. చెయ్యి చాపి బొటనవేలితో ఆ తెల్ల చుక్కను మాత్రమే కప్పండి. చుట్టూ ఉన్న మసక అప్పటికీ కనబడుతుంటే అది టీవీది. వేలు అడ్డం పెట్టగానే మసక కూడా పోయిందంటే అది మీ కంట్లో, లేదా కళ్లద్దాల మీద ఉన్న జిడ్డులో చెదిరిన వెలుగు. చీకట్లో ఎవరి కంటికైనా కొంత ఇలా ఉంటుంది. దానికి టీవీ సెట్టింగ్ మందు కాదు. ఫోన్‌తో ఫోటో తీసి కొలవడం కూడా వద్దు. ఫోన్ కెమెరా చీకటిని బలవంతంగా వెలుగు చేసి, ఉన్న మసకను నాలుగింతలు చేసి చూపిస్తుంది. బంధువుల గ్రూపులో పెట్టి భయపడటానికే అది పనికొస్తుంది.

తర్వాత మోడ్, అడ్డం వచ్చే సెట్టింగులు

పిక్చర్ మోడ్ Filmmaker Mode, Cinema, Movie, వీటిలో ఏది ఉంటే అది పెట్టండి. Vivid లేదా Dynamic మోడ్‌లో ఉండగా డిమ్మింగ్ ఎంతలో పెట్టినా తీర్పు తప్పుతుంది, ఎందుకంటే అక్కడ వెలుగు విపరీతంగా ఉంటుంది. ఆ తర్వాత మూడు రకాల సెట్టింగులు ఆపేయండి. ఒకటి పవర్ సేవింగ్. రెండోది గది వెలుతురు చూసి తెరను తనంతట తాను మార్చే సెన్సర్. మూడోది Dynamic Contrast, Contrast Enhancer లాంటివి. ఇవి ఆన్‌లో ఉంటే తెర వెలుగు తనంతట తానే పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. అది లోకల్ డిమ్మింగ్ తప్పనుకుని దాన్ని తిట్టుకుంటాం.

ఇక వెనక లైటు. చాలామంది వదిలేసేది ఇదే, బ్లూమింగ్‌ను ఎక్కువగా తగ్గించేదీ ఇదే. మామూలు సినిమాలు, అంటే మెరుపులను మరింత వెలుగుతో చూపించే హెచ్‌డీఆర్ రకం కానివి, తెలుపు 100 నిట్స్ ఉండేలా చూసుకుని తయారు చేస్తారు. పగటి వెలుతురు కోసం పెంచిన టీవీ దానికి మూడు నాలుగు రెట్లు ఇస్తూ ఉంటుంది. లైటు సగం చేస్తే మసక కూడా సగమవుతుంది. చీకటి గదిలో, తెల్లటి సీన్ వచ్చినప్పుడు కళ్లు చికిలించాల్సిన పని లేనంత వరకు తగ్గించండి.

కాకపోతే మెనూల్లో పేర్లతో ఒక తిరకాసు ఉంది. కొన్ని టీవీల్లో వెనక లైటు పేరు Backlight, కొన్ని కొత్త టీవీల్లో Brightness. పాత పద్ధతిలో Brightness అంటే నలుపు స్థాయి. ఏది ఏదో తెలియకపోతే కదిపి చూడండి. తెలుపు, నలుపు రెండూ కలిసి పెరిగి తగ్గితే అది వెనక లైటు. తెలుపు అలాగే ఉండి చీకటి భాగాలే పాలిపోతున్నా, మునిగిపోతున్నా అది నలుపు స్థాయి. దాన్ని మోడ్‌తో వచ్చిన అంకె మీదే వదిలేయండి. బ్లూమింగ్ దాచాలని నలుపు స్థాయి తగ్గిస్తే మసకతో పాటు హీరో నల్ల చొక్కా మడతలు కూడా పోతాయి.

Low, Medium, High: ఏది?

సాధారణంగా Low లో జోన్లు మెల్లగా మారతాయి. వెలుగున్న జోన్ పక్కనున్నవి కూడా కొంచెం వెలుగుతాయి. మసక వెడల్పుగా ఉంటుంది కానీ పలచగా ఉంటుంది, సినిమా బొమ్మకు పైనా కిందా ఉండే నల్ల పట్టీలు కాస్త బూడిదగా కనిపిస్తాయి. High లో వెలుగున్న జోన్ గట్టిగా వెలుగుతుంది, పక్కవి దాదాపు ఆరిపోతాయి. నలుపు బ్రహ్మాండంగా ఉంటుంది, మెరుపులు మెరుస్తాయి, కానీ మసక ఉన్న చోట దాని అంచు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. Medium ఈ రెంటి నడుమ. కొన్ని కంపెనీలు దీన్నే Standard అంటాయి, కొన్నిట్లో Off అసలు ఉండదు. ఒక్కో కంపెనీ ఈ మెట్లను ఒక్కోలా పెడుతుంది కాబట్టి పక్కింటివాళ్ల సెట్టింగ్ మీ టీవీకి పనికిరాకపోవచ్చు. మూడు రకాల సీన్లు పెట్టి మీరే చూసుకోవాలి.

మొదటిది నక్షత్రాలున్న ఆకాశం. ముందు Off లో, అది లేకపోతే Low లో పెట్టి వెలుగు తక్కువున్న నక్షత్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకోండి. ఒక్కో మెట్టు పెంచుతూ వెళ్తే ఏదో ఒక చోట చిన్న నక్షత్రాలు మాయమవుతాయి. అంత చిన్న చుక్క కోసం జోన్ వెలిగించడం దండగని టీవీ అనుకుందన్నమాట. నక్షత్రాలను మింగేసే మెట్టును వదిలేయండి.

రెండోది నల్ల తెర మీద కదిలే పేర్లు, సినిమా చివర వచ్చేవి. పేర్లు పైకి జరుగుతుంటే వెనక వెలుగు కూడా వాటితో సాఫీగా జరగాలి. వరుస మారినప్పుడల్లా వెలుగు గుప్పుమని పెరిగి తగ్గుతుంటే ఒక మెట్టు దించండి.

మూడోది చీకట్లో కదిలే దీపం, టార్చ్ గానీ బండి లైటు గానీ. లైటు ముందుకు పోయాక దాని మసక వెనకే పరిగెత్తుతున్నట్టు అనిపిస్తే జోన్లు ఆలస్యంగా స్పందిస్తున్నాయి. ఇది మెట్టుతో కొంత మారుతుంది, పూర్తిగా పోదు.

ఇక్కడ అందరినీ మోసం చేసేది ఒకటుంది. సెట్టింగ్ మార్చడానికి మెనూ తెరిచినప్పుడు ఆ మెనూ కూడా తెర మీద వెలుగుతున్న వస్తువే. దాని కోసం దాని వెనక జోన్లన్నీ వెలుగుతాయి. సినిమా పాజ్ చేసినా అడుగున వచ్చే గీత అదే పని చేస్తుంది. కాబట్టి మెట్టు మార్చి, మెనూ మూసేసి, నాలుగు సెకన్లు ఆగి, సినిమా నడుస్తుండగా చూడండి. మెనూ మీద చూసి నిర్ణయించిన సెట్టింగ్‌కు విలువ లేదు. అలాగే, నెట్ నెమ్మదించి ఓటీటీ క్వాలిటీ పడిపోయినప్పుడు చీకటి భాగాల్లో గళ్లు గళ్లుగా కనిపించేవి జోన్లు కావు, వీడియో కుదింపు వల్ల వచ్చినవి. ఆ సమయంలో పరీక్ష పెట్టుకోకండి.

బ్రాడీపేటలో ఒక టీవీ

గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయి వాళ్లింట్లో 55 అంగుళాల టీవీ ఉంది. తెర సుమారు 121 సెంటీమీటర్ల వెడల్పు, 68 ఎత్తు. తెల్ల చుక్క వీడియో పెట్టి మచ్చ ఎన్నిసార్లు గంతేస్తోందో లెక్కపెడితే అడ్డంగా 20, నిలువుగా 12 వచ్చాయి. అంటే 240 జోన్లు, ఒక్కోటి సుమారు 6 సెంటీమీటర్ల గడి.

పిన్ని ఫిర్యాదు ఒకటే. "ఏరా, పైనా కిందా నల్లగా ఉండాల్సిన పట్టీల్లో మబ్బులు పోతున్నాయేంట్రా?" బాబాయి మాత్రం High దించనివ్వడు. "అంత పోసి కొని తక్కువలో పెట్టుకోవడమేంటి" అని ఆయన వాదన.

ఆ పట్టీల సంగతి లెక్కతో తేలిపోతుంది. చాలా సినిమాల బొమ్మ వెడల్పు ఎత్తుకు 2.39 రెట్లు ఉంటుంది. 16:9 తెర మీద అది వేస్తే పైనొక పట్టీ, కిందొక పట్టీ ఖాళీగా మిగులుతాయి. ఈ తెర మీద ఒక్కో పట్టీ 8.7 సెంటీమీటర్లు. జోన్ ఎత్తు 5.7. అంటే పైనుంచి మొదటి వరుస జోన్లు పూర్తిగా పట్టీలో పడ్డాయి. రెండో వరుస సగం పట్టీలో, సగం బొమ్మలో ఉంది. బొమ్మ పై అంచున తెల్లటి మేఘం ఉంటే ఆ రెండో వరుస వెలగక తప్పదు, పట్టీలో అడుగున మూడు సెంటీమీటర్ల మేర మసక రాక తప్పదు. ఏ మెట్టులో పెట్టినా ఆ మూడు సెంటీమీటర్లు పోవు. మనం చూడాల్సింది దానికి పైనున్న మొదటి వరుస. High లో అది నల్లగా ఉంది, కానీ రెండో వరుస మరీ తెల్లగా ఉండటంతో మధ్యలో గీత గీసినట్టుంది. పిన్ని చూసిన మబ్బు ఇదే. Low లో మొదటి వరుస కూడా బూడిదగా తేలింది. Medium లో పెట్టి, లైటు సగానికి దించాక ఆ గీత కరిగిపోయింది. నక్షత్రాల సీన్ కూడా Medium లో పూర్తిగా నిలిచింది.

అయినా పిన్నికి మబ్బు ఇంకా కనబడుతూనే ఉంది, బాబాయికి లేదు. ఎదురుగా సోఫాలో కూర్చునేది ఆయన. పిన్ని పక్క గోడకున్న దివాన్ మీద నుంచి చూస్తుంది. వీఏ ప్యానెల్ ఎదురుగా చూస్తేనే లైటును గట్టిగా ఆపుతుంది, పక్కనుంచి చూస్తే ఎక్కువ వదిలేస్తుంది. కాబట్టి అదే మసక దివాన్ మీది నుంచి ఎక్కువ. పిల్లల చెయ్యి తగలకూడదని టీవీ ఎత్తులో బిగించి, కింద చాప మీద పడుకుని చూసే ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. అక్కడ పక్కకు కాకుండా కిందికి పోతాం, అంతే తేడా. గోడ స్టాండ్ వంగే రకమైతే తెరను చూసేవాళ్ల వైపు కొంచెం వంచండి. పిన్ని విషయంలో దివాన్‌ను ఎదురుగా జరపడానికి స్థలం లేదు, అందుకని దీపం పెట్టాం.

తెర వెనక దీపం

పూర్తి చీకట్లో కంటిపాప బాగా విచ్చుకుని ఉంటుంది, 0.1 నిట్స్ కూడా పట్టేస్తుంది. టీవీ వెనక గోడ మీద పలచని వెలుతురు పడితే కన్ను ఆ మసకను లెక్కచేయదు. తెర మీద నలుపు ఏమీ మారదు, కానీ నల్లగా కనిపిస్తుంది. ఇందుకు 6500కే అని రాసి ఉండే తెల్ల లైటు కావాలి, సినిమాలు తయారుచేసే తెలుపు కూడా అదే రంగు. మన షాపుల్లో కూల్ డేలైట్ అని అమ్మేది ఇదే, పసుపు రంగు వామ్ వైట్ తీసుకోకండి. యూఎస్‌బీతో నడిచే చిన్న ఎల్‌ఈడీ స్ట్రిప్ టీవీ వీపుకు అంటించి, దాని వెలుతురు తెర తెలుపులో పదో వంతుకు మించకుండా తగ్గించండి. రంగులు మారే స్ట్రిప్‌లు సినిమాకు వద్దు, ఏది అసలు తెలుపో కంటికి తెలియకుండా చేస్తాయి. గది లైటు గానీ, పూజగది బల్బు గానీ తెర మీద ప్రతిబింబించకుండా చూసుకోండి. వెనక వెలుతురు మేలు చేస్తుంది, ముందునుంచి పడేది చెడుపు చేస్తుంది.

సబ్‌టైటిళ్లకు వేరే మందుంది. తెల్ల రంగు మార్చి అంత వెలుగు లేని రంగు పెడితే దాని చుట్టూ మసక అక్కడికక్కడే తగ్గుతుంది. నెట్‌ఫ్లిక్స్‌లో బ్రౌజర్ నుంచి మీ ప్రొఫైల్ సెట్టింగుల్లోకి వెళ్తే Subtitle appearance దొరుకుతుంది. మిగతా యాప్‌లలో టీవీ సెట్టింగుల్లోని Accessibility కింద వెతకండి, కొన్ని యాప్‌లు దాన్ని పట్టించుకుంటాయి, కొన్ని పట్టించుకోవు.

హెచ్‌డీఆర్ విడిగా

ఇప్పటిదాకా చేసింది మామూలు వీడియోకు. హెచ్‌డీఆర్, డాల్బీ విజన్ సినిమా మొదలవగానే చాలా టీవీలు వేరే సెట్టింగుల్లోకి మారిపోతాయి. మీరు కుదిర్చినదేదీ అక్కడ ఉండదు. హెచ్‌డీఆర్ సినిమా నడుస్తుండగా మెనూ తెరిచి మళ్లీ పెట్టుకోవాలి. అక్కడ వెనక లైటు గరిష్ఠంగానే ఉంచండి, ఎందుకంటే మెరుపులు ఎంత ఉండాలో వీడియోలోనే రాసి ఉంటుంది, తగ్గిస్తే మొత్తం బొమ్మ మసకబారుతుంది. ఒక మెట్టు ఎక్కువ డిమ్మింగ్ ఇక్కడ సహజం. లోకల్ డిమ్మింగ్ ఆపేస్తే హెచ్‌డీఆర్‌కు అర్థమే లేదు, తెరంతా బూడిదగా తేలుతుంది. బ్రాడీపేట టీవీలో హెచ్‌డీఆర్‌కు High ఉంచేశాం. బాబాయి మాట కూడా నెగ్గింది. వెనక దీపం ఉంది కాబట్టి పిన్ని దివాన్ మీది నుంచి కూడా ఇబ్బంది లేదు.

పగలు క్రికెట్ చూసేవాళ్లు ఈ సినిమా మోడ్‌ను ముట్టుకోనక్కర్లేదు. Standard లేదా Sports మోడ్‌లో లైటు పెంచి, డిమ్మింగ్ మీకు నచ్చినంతలో పెట్టుకోండి. చాలా టీవీలు మోడ్ మోడ్‌కీ సెట్టింగులు విడిగా గుర్తుంచుకుంటాయి. రాత్రికి రిమోట్‌లో మోడ్ మారిస్తే చాలు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిన తర్వాత మాత్రం ఒకసారి ఆ నక్షత్రాల సీన్ పెట్టి చూడండి, అప్‌డేట్‌తో డిమ్మింగ్ పనితీరు మారే అవకాశం ఉంది.